వీసా మాట ఇవ్వకుండా సెమినార్‌కి జనాన్ని పిలవడం: ఒక క్యాప్షన్ కథ

స్టడీ అబ్రాడ్ కన్సల్టెన్సీలకు సోషల్ మీడియా రాతలు రాసిపెట్టడం నా పని. వాటిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది సెమినార్ క్యాప్షన్. బ్రోచర్ అయితే నలుగురు చదివి సరిచేస్తారు. క్యాప్షన్ మాత్రం శుక్రవారం సాయంత్రం హడావిడిగా పుట్టి, శనివారం పొద్దున్నకల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. అందులో ఒక్క వాక్యం ఎక్కువైనా, దాన్ని నమ్ముకొని ఓ కుటుంబం డబ్బు కట్టేస్తుంది.

ఇక్కడ రాస్తున్నది యూకేలో మాస్టర్స్ మీద ఒక కన్సల్టెన్సీ పెట్టిన ఉచిత సెమినార్ గురించి. సెప్టెంబర్ ఇన్‌టేక్ కోసం పెట్టింది. వాళ్లు నాకు పంపిన పాత క్యాప్షన్ ఇది:

"యూకేలో మాస్టర్స్ చేయాలన్న మీ కల ఇక నిజం కాబోతోంది! వీసా సక్సెస్ రేట్ 98%. ఐఈఎల్‌టీఎస్ లేకుండానే అడ్మిషన్. అక్కడికక్కడే స్పాట్ ఆఫర్ లెటర్. 50% వరకు స్కాలర్‌షిప్. చదువయ్యాక 2 ఏళ్ల వర్క్ పర్మిట్. భార్య/భర్తను కూడా వెంట తీసుకెళ్లొచ్చు. సీట్లు కొన్నే! వెంటనే రిజిస్టర్ చేసుకోండి. *షరతులు వర్తిస్తాయి."

"గ్యారంటీ అన్న మాట ఎక్కడా లేదు కదండీ, ఇక ఇబ్బందేముంది?" అని ఓనర్ గారు అడిగారు. నిజమే, ఆ మాట లేదు. కానీ క్యాప్షన్ మొత్తం చదివిన తండ్రి "వీళ్ల దగ్గరికి వెళ్తే పని అయిపోతుంది" అనుకోడానికి ఆ మాట అక్కర్లేదు.

ఎవరి సంతకం?

ఇలాంటి క్యాప్షన్ చేతికొచ్చినప్పుడు నేను ప్రతి వాక్యం పక్కన ఒక ప్రశ్న రాసుకుంటాను: ఇది నిజం కావాలంటే ఎవరు సంతకం పెట్టాలి? కన్సల్టెన్సీ సంతకం సరిపోయే వాక్యాలు ఉంటాయి. యూనివర్సిటీ సంతకం కావాల్సినవి ఉంటాయి. బ్రిటన్ వీసా అధికారి సంతకం కావాల్సినవి ఉంటాయి. మొదటి రకాన్ని ధైర్యంగా చెప్పొచ్చు. మిగతా రెండు రకాలను చెప్పాలంటే, ఆ నిర్ణయం ఎవరిదో కూడా అదే చోట చెప్పాలి.

యూకే విషయంలో విద్యార్థి దాటాల్సిన గేట్లు మూడు. మొదటిది ఆఫర్ లెటర్. అది షరతులతో రావచ్చు, షరతులు లేకుండానూ రావచ్చు. రెండోది సీఏఎస్, అంటే విద్యార్థిని స్పాన్సర్ చేస్తున్నట్టు యూనివర్సిటీ ఇచ్చే నంబరు. అది లేకుండా స్టూడెంట్ వీసాకి దరఖాస్తే పెట్టలేం. మూడోది వీసా. మొదటి రెండూ యూనివర్సిటీ చేతిలో ఉంటే, మూడోది యూకే వీసా శాఖ చేతిలో ఉంటుంది. కన్సల్టెన్సీ చేసేది ఫైలు సరిగ్గా పేర్చి ఇవ్వడం. ఏ గేటు తాళమూ దాని దగ్గర లేదు.

బయట చాలామందికి అర్థం కానిది రెండో గేటు. చేతిలో అన్‌కండిషనల్ ఆఫర్ ఉన్నా యూనివర్సిటీ సీఏఎస్ ఇవ్వకపోవచ్చు. ఎందుకంటే తాము సీఏఎస్ ఇచ్చినవాళ్లలో ఎక్కువమందికి వీసా తిరస్కరణ వస్తే, యూనివర్సిటీ స్పాన్సర్ లైసెన్స్‌కే ముప్పు. ఆ రేటు ఒక హద్దు దాటకూడదని నియమం ఉంది. అందుకే చాలా యూనివర్సిటీలు సీఏఎస్‌కి ముందు తామే ఇంటర్వ్యూ చేస్తాయి, బ్యాంకు కాగితాలు అడుగుతాయి, అనుమానం వస్తే అక్కడే ఆపేస్తాయి.

ఇది తెలిస్తే "వీసా సక్సెస్ రేట్ 98%" అన్న వాక్యం లోపల ఏముందో కనబడుతుంది. ఆ అంకె ఎక్కడిదని అడిగితే కౌన్సిలర్ గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు: వీసాకి దరఖాస్తు చేసినవాళ్లలో ఎంతమందికి వచ్చిందో అది. ఉదాహరణకి వందమంది ఆఫీసుకి వచ్చారనుకుందాం. వాళ్లలో అరవై మందికి ఆఫర్ వచ్చింది. నలభై మంది డిపాజిట్ కట్టారు. యూనివర్సిటీ ఇంటర్వ్యూ, కాగితాల వడపోత అయ్యాక ముప్పై మందికి సీఏఎస్ అందింది. వాళ్లలో ఇరవై తొమ్మిది మందికి వీసా వచ్చింది. ఇప్పుడు సక్సెస్ రేటు ఎంత? ముప్పైలో ఇరవై తొమ్మిది అంటే 97% దాకా వస్తుంది. వందలో చూస్తే 29%. రెండు లెక్కల్లోనూ అబద్ధం లేదు. కానీ క్యాప్షన్ చదివే కుర్రాడు ఆ వందలో ఒకడు. ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. అతనికి చూపిస్తున్నది మాత్రం చివరి వడపోత దాటినవాళ్ల అంకె. పైగా ఆ వడపోతలో ఎక్కువ భాగం చేసింది యూనివర్సిటీ.

"అయితే లెక్క ఎలా వేశామో కూడా రాద్దాం" అన్నారు ఓనర్ గారు. రాయొచ్చు, కానీ ఏ కాలానికి, ఏ దేశానికి, ఎంతమందిలో ఎంతమందికి అన్నవన్నీ పెడితే అది క్యాప్షన్‌గా మిగలదు. అవి పెట్టకుండా అంకె ఒక్కటే పెడితే తప్పుదారి పట్టించినట్టే. పోయినేడాది వేరేవాళ్ల ఫైళ్లకు వచ్చిన ఫలితం ఈ ఏడాది ఈ కుర్రాడి ఫైలు గురించి చెప్పేది కూడా పెద్దగా ఏమీ ఉండదు. అంకె తీసేశాం.

అబద్ధం కన్నా ప్రమాదకరమైనవి

పాత క్యాప్షన్‌లో నన్ను నిజంగా భయపెట్టింది వీసా రేటు కాదు, చివర్లో మామూలుగా కనిపించే రెండు వాక్యాలు. ఎవరూ వాటిని వాగ్దానాలుగా చూడరు. సమాచారం అనుకుంటారు.

ఒకటి, "భార్య/భర్తను కూడా వెంట తీసుకెళ్లొచ్చు." ఒకప్పుడు అది నిజమే. 2024 జనవరి 1 నుంచి మొదలైన కోర్సులకు యూకే ఆ వెసులుబాటును బాగా తగ్గించింది. పీహెచ్‌డీ లాంటి పరిశోధన కోర్సులకూ, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లే కొందరికీ తప్ప, మామూలు మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని డిపెండెంట్లుగా తీసుకెళ్లలేరు. ఆ క్యాప్షన్ రాసినవాళ్లు అంతకుముందటి పోస్టు నుంచి కాపీ చేశారు, అంతే. పెళ్లయిన అమ్మాయి ఒకరు ఆ వాక్యం చూసి సెమినార్‌కి వస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. భర్త ఉద్యోగం మానేయాలా, ఇల్లు ఖాళీ చేయాలా అన్న లెక్కలన్నీ ఇంట్లో అప్పటికే మొదలై ఉంటాయి.

రెండోది, "చదువయ్యాక 2 ఏళ్ల వర్క్ పర్మిట్." దీని అసలు పేరు గ్రాడ్యుయేట్ వీసా. చదువు పూర్తయ్యాక విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, దానంతటదే రాదు. ఇప్పటిదాకా మాస్టర్స్ వాళ్లకు అది రెండేళ్లకు ఇస్తున్నారు. 2027 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలకే ఇస్తారు. పీహెచ్‌డీ వాళ్లకు మాత్రం మూడేళ్లు అలాగే ఉంది. ఇప్పుడు మన సెమినార్ సంగతి చూడండి. 2026 సెప్టెంబర్‌లో ఒక ఏడాది మాస్టర్స్‌లో చేరినవాడు చదువు ముగించి దరఖాస్తు పెట్టేది 2027 చివర్లో. అంటే ఈ క్యాప్షన్ ఎవరి కోసమో, సరిగ్గా వాళ్లకే ఆ "2 ఏళ్లు" వర్తించదు. రాసే రోజుకి నిజమైన వాక్యం, చదివినవాడు దాన్ని వాడుకునే రోజుకి అబద్ధం అవుతుంది.

అందుకే ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. క్యాప్షన్‌లో ఏ వీసా నియమం వచ్చినా, దాన్ని ఈ రోజు తేదీతో కాదు, విద్యార్థి ఆ నియమాన్ని వాడుకునే తేదీతో సరిచూస్తాను. రెండేళ్ల తర్వాత వాడుకునే నియమమైతే క్యాప్షన్‌లోకి రానివ్వను. సెమినార్‌లో, ప్రశ్నలు అడిగే వీలున్న చోట, ప్రభుత్వ వెబ్‌సైట్ పేజీ తెర మీద చూపిస్తూ చెప్పమంటాను. ఏజెంట్ల నడవడి మీద 2012లో యూకే, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి చేసిన లండన్ స్టేట్‌మెంట్ కూడా ఈ మాటే చెబుతుంది: సమాచారం నిజాయతీగా ఉండటంతోపాటు తాజాగా ఉండాలి.

మిగతా వాక్యాలను త్వరగా తేల్చేశాం. "ఐఈఎల్‌టీఎస్ లేకుండానే అడ్మిషన్"లో కొంత నిజముంది. డిగ్రీ స్థాయి కోర్సులకు విద్యార్థి ఇంగ్లిష్‌ను యూనివర్సిటీ తనకు నచ్చిన పద్ధతిలో అంచనా వేయొచ్చు, భాషా సామర్థ్యాన్ని కొలిచే యూరప్ కొలమానంలో బీ2 స్థాయి ఉందని తేలితే చాలు. కానీ ఏ యూనివర్సిటీ దేన్ని ఒప్పుకుంటుందో వేరువేరు. ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదన్న అర్థం వచ్చేలా అది రాయడం తప్పు. "50% వరకు" అన్నదాంట్లో "వరకు" ఎవరి కంటికీ ఆనదు, తీసేశాం. "సీట్లు కొన్నే" అన్నది హాల్లో కుర్చీల గురించైతే, హాలు నిజంగా చిన్నదైతే ఉంచుకోవచ్చు. యూనివర్సిటీ సీట్లు అనుకునేలా ఉంటే వద్దు.

స్పాట్ ఆఫర్ మీద మాత్రం కాస్త వాదన నడిచింది. సెమినార్‌కి ఒక యూనివర్సిటీ ప్రతినిధి వస్తున్నారు. మార్కుల మెమోలు చూసి "నీకు ఈ కోర్సుకి అర్హత ఉన్నట్టుంది" అని చెప్పే అధికారం ఆయనకుంది. ఆ సంగతి ఎందుకు దాచాలి అన్నది ఓనర్ గారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ప్రతినిధిని నేరుగా కలవడం సెమినార్‌కి వచ్చేవాడికి నిజమైన లాభం. కాబట్టి ఆ సంగతి ఉంచి, మాట మార్చాం. "యూనివర్సిటీ ప్రతినిధి మీ మెమోలు చూసి, కనీస అర్హతలకు మీరు ఎంత దగ్గరగా ఉన్నారో చెబుతారు. దరఖాస్తు, ఆఫర్ నిర్ణయం యూనివర్సిటీ అడ్మిషన్స్ విభాగానిది." ఇది ప్రతినిధికే ముందు పంపించి, "నేను ఇది చేస్తాను" అని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే వేశాం. వచ్చే అతిథి తాను చేయనిది క్యాప్షన్‌లో చూసి హాల్లోనే కాదంటే అంతకన్నా అవమానం ఉండదు.

చివర్లో చుక్క పెట్టి తప్పించుకోవడం

"*షరతులు వర్తిస్తాయి" అనే చుక్క మీద చాలామందికి గట్టి నమ్మకం. పైన ఇచ్చిన భరోసాని కింద చిన్న అక్షరాలు రద్దు చేయవు. ఫోన్‌లో క్యాప్షన్ మొదటి ఒకటి రెండు పంక్తులే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. భరోసా పైన, షరతు కింద ఉంటే చాలామంది చూసేది భరోసా ఒక్కటే. తెలుగులో ఈ తిప్పలు ఇంకాస్త ఎక్కువ. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. అక్షరాల పరిమితి పెట్టిన చోటల్లా తెలుగు వాక్యం అనుకున్నదానికన్నా ముందే తెగిపోతుంది. అందుకే మొదటి పంక్తిని ఫోన్‌లోనే ప్రివ్యూ చూసి, తెగిన చోట అర్థం మారుతోందా అని చూసుకుంటాను. "వీసా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు" అన్న వాక్యం "వీసా వస్తుందని..." దగ్గర తెగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అదే కారణంతో, "మేం వీసా గ్యారంటీ ఇవ్వం" అని మొదటి పంక్తిలో గొప్పగా ప్రకటించడం కూడా నాకు నచ్చదు. ఓనర్ గారి తమ్ముడు ఆ సలహా ఇచ్చారు, నిజాయతీగా కనిపిస్తుందని. పైపైన చూసేవాడికి "వీసా గ్యారంటీ" అన్న రెండు మాటలే కంట్లో పడతాయి, "ఇవ్వం" మిగలదు. నిలబడి చదివినవాడికి మాత్రం, వీళ్లు దేన్నో వదిలించుకుంటున్నారన్న అనుమానం వస్తుంది. కాదు అనడం కన్నా ఎవరిదో చెప్పడం మేలు: "అడ్మిషన్ నిర్ణయం యూనివర్సిటీది. వీసా నిర్ణయం యూకే ప్రభుత్వానిది. ఆ రెండింటికీ మీ ఫైలు ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పడం మా పని." ఈ మూడు వాక్యాలను అడుగున కాక, క్యాప్షన్ మధ్యలో, మామూలు అక్షరాల్లోనే పెట్టాం.

ఇక క్రియాపదాలు. మన భాషలో ఇప్పించడం, తెప్పించడం అనేవి నాలుక చివరే ఉంటాయి. "సీటు ఇప్పిస్తాం", "వీసా తెప్పిస్తాం" అని రాయడానికి ఎవరూ ఆలోచించరు. అవి వచ్చిన చోటల్లా "దరఖాస్తు చేయడంలో తోడుంటాం", "కాగితాలు సరిచూస్తాం" అని మార్చాం. అలా మార్చగానే వాక్యం చప్పబడుతుంది, ఒప్పుకుంటాను. చప్పబడిన చోట కొత్త బలం ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు పని.

28 రోజుల లెక్క

"ఇవన్నీ తీసేస్తే ఎవరొస్తారండీ?" అని ఓనర్ గారు అడగనే అడిగారు. తీసేయడంతో ఆగితే నిజంగానే ఎవరూ రారు. వీసా ఇస్తామని చెప్పలేం గానీ, వీసా ఫైళ్లు ఎక్కడ దెబ్బతింటాయో చెప్పగలం. అది కన్సల్టెన్సీకి బాగా తెలిసిన సంగతి, హాల్లో కూర్చోబెట్టి గంటలో నేర్పగలిగిన సంగతి. కౌన్సిలర్ గారిని కూర్చోబెట్టి ఒకటే అడిగాను: తల్లిదండ్రులు ఎక్కువగా ఎక్కడ పొరబడతారు? ఆమె తడుముకోకుండా "బ్యాంకు బ్యాలెన్స్ దగ్గర" అన్నారు.

యూకే స్టూడెంట్ వీసాకి మొదటి ఏడాది ఫీజులో ఇంకా కట్టాల్సిన మొత్తం, దానిపైన గరిష్ఠంగా తొమ్మిది నెలల ఖర్చులకు సరిపడే సొమ్ము చూపించాలి. ఆ సొమ్ము ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. ఆ 28 రోజుల్లో ఒక్క రోజు కూడా అవసరమైన మొత్తం కన్నా తగ్గకూడదు. ఆ 28 రోజులు ముగిసిన తేదీ, దరఖాస్తు పెట్టే తేదీకి 31 రోజుల లోపల ఉండాలి. వినడానికి తేలికే. ఆగస్టు 20న దరఖాస్తు పెట్టాలనుకున్న కుటుంబాన్ని తీసుకోండి. జూలై 14న డబ్బు వేశారు, ఆగస్టు 10కి 28 రోజులు నిండాలి. మధ్యలో ఆగస్టు 2న ఏదో ఇంటి అవసరానికి కొంత తీసి, మర్నాడే మళ్లీ వేసేశారు. వాళ్ల దృష్టిలో అది ఏమీ కాదు. నియమం ప్రకారం లెక్క ఆగస్టు 3 నుంచి మళ్లీ మొదలై, ఆగస్టు 30కి గానీ నిండదు. కోర్సు సెప్టెంబర్ మధ్యలో మొదలైతే ఇక ఎంత హడావిడో చూసుకోండి. దీనికి తోడు, మన డబ్బును పౌండ్లలోకి మార్చే రేటు దరఖాస్తు రోజుది. సరిగ్గా సరిపడా మాత్రమే ఉంచినవాడికి ఆ రోజు రేటు కాస్త కదిలినా చిక్కే. ఎడ్యుకేషన్ లోన్‌తో వెళ్లేవాళ్లకు కాగితాల దారి వేరు.

కౌన్సిలర్ గారు ఇది చెబుతుంటే నాకు క్యాప్షన్ మొదటి పంక్తి దొరికింది. ఇందులో ఎవరి సంతకమూ అక్కర్లేదు. నియమం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంది, దాన్ని వివరించడం కన్సల్టెన్సీకి చేతనవును. చదివినవాడికి వెంటనే "అవును, మా ఖాతా సంగతేంటి?" అన్న ప్రశ్న పుడుతుంది. వీసా ఆశ చూపించకుండానే వాడు సెమినార్‌కి రావడానికి కారణం దొరికింది.

చివరికి వేసిన క్యాప్షన్ ఇది:

"ఖాతాలో సరిపడా డబ్బుంది. కానీ 28 రోజుల లెక్క కుదిరిందా?

ఒక్క రోజు బ్యాలెన్స్ తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. యూకే స్టూడెంట్ వీసా ఫైల్లో చాలా కుటుంబాలు తడబడేది ఇక్కడే.

సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి మాస్టర్స్ అనుకుంటున్న విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఆదివారం ఉదయం 10 నుంచి 12.30 వరకు ఉచిత సెమినార్.

మొదటి గంట: ఆఫర్, సీఏఎస్, వీసా. ఏది ఎవరిస్తారు, ఏ కాగితం ఎప్పుడు కావాలి. క్యాలెండర్ ముందు పెట్టుకొని 28 రోజుల లెక్క వేసి చూపిస్తాం.

తర్వాత: యూనివర్సిటీ ప్రతినిధి మీ మెమోలు చూసి, కనీస అర్హతలకు ఎంత దగ్గరగా ఉన్నారో చెబుతారు. ఇందుకు ముందే టైమ్ స్లాట్ తీసుకోవాలి.

అడ్మిషన్ నిర్ణయం యూనివర్సిటీది. వీసా నిర్ణయం యూకే ప్రభుత్వానిది. ఆ రెండింటికీ మీ ఫైలు ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పడం మా పని. మా ద్వారా చేరే విద్యార్థులకు కొన్ని యూనివర్సిటీలు మాకు కమిషన్ ఇస్తాయి. ఏవేవో అడిగితే చెబుతాం.

డిగ్రీ మెమోల జిరాక్స్ తెచ్చుకోండి, ఒరిజినల్స్ వద్దు. సెమినార్‌లో ఎలాంటి ఫీజూ కట్టించుకోం. పాస్‌పోర్ట్, బ్యాంకు వివరాలు కామెంట్లలో పెట్టకండి.

రిజిస్ట్రేషన్ లింక్ బయోలో ఉంది."

కమిషన్ వాక్యం దగ్గర ఓనర్ గారు చాలాసేపు ఆగారు. "అందరికీ తెలిసిందేగా, రాయడం ఎందుకు?" అన్నారు. అందరికీ తెలిసిందైతే రాస్తే పోయేదేమీ లేదన్నాను. ఉచిత సెమినార్ అనగానే "వీళ్లకేం లాభం?" అన్న ప్రశ్న తండ్రి మనసులో ఎలాగూ ఉంటుంది. దానికి మనమే జవాబిస్తే, మిగతా మాటలు నమ్మడం అతనికి తేలికవుతుంది. పైగా "సెమినార్‌లో ఫీజు కట్టించుకోం" అన్న వాక్యం పూర్తిగా కన్సల్టెన్సీ చేతిలోనిది. అక్కడ గ్యారంటీ ఇవ్వొచ్చు, ఇచ్చాం.

బొమ్మ, ఫోన్, ఫార్వర్డ్

క్యాప్షన్ శుభ్రంగా తయారయ్యాక డిజైనర్ పంపిన పోస్టర్ చూస్తే, మధ్యలో వీసా అంటించిన పాస్‌పోర్టు, పక్కన విమానం, నవ్వుతున్న అమ్మాయి. క్యాప్షన్‌లో తీసేసిన భరోసా అంతా బొమ్మలోకి వచ్చి కూర్చుంది. పోస్టర్ మీద చూపు పడ్డాకే కదా ఎవరైనా క్యాప్షన్ చదివేది. దాని బదులు ఆగస్టు క్యాలెండర్ పేజీ పెట్టించాను, 2వ తేదీ చుట్టూ ఎర్ర గీత, 3వ తేదీ దగ్గర "మళ్లీ మొదటి రోజు" అని. అంతే. డిజైనర్‌కి అది మరీ బోసిగా అనిపించింది, నాకు మాత్రం ఆ పోస్టర్ ఇప్పటికీ ఇష్టం.

ఫోన్ ఎత్తేవాళ్ల సంగతి కూడా క్యాప్షన్ పనిలో భాగమే అని నేను ఈ రంగంలో గట్టిగా నమ్ముతాను. పోస్టు పడ్డాక వచ్చిన మొదటి కామెంట్లలో ఒకటి: "బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, గ్యాప్ ఉంది. వీసా వస్తుందా?" ఆఫీసులో అలవాటైన జవాబు "తప్పకుండా వస్తుంది సార్, ఒకసారి ఆఫీసుకి రండి." ఆ ఒక్క జవాబుతో క్యాప్షన్ మీద పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. పైగా కామెంట్ జవాబు స్క్రీన్‌షాట్‌గా ఎప్పటికీ మిగిలిపోతుంది. అందుకే క్యాప్షన్‌తోపాటే టెలికాలర్లకు కొన్ని జవాబులు రాసిచ్చాను. ఆ ప్రశ్నకు జవాబు ఇది: "బ్యాక్‌లాగ్స్ ఎన్నిటి వరకు ఒప్పుకుంటారన్నది ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటుందండీ. గ్యాప్‌లో ఏం చేశారో చూపే కాగితాలుంటే అవి తీసుకురండి. ఏ యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టొచ్చో కౌన్సిలర్ గారు చూసి చెబుతారు. వీసా సంగతి మాత్రం అక్కడి అధికారే తేలుస్తారు, అది మేం ముందే చెప్పలేం."

"చెప్పలేం అంటే ఫోన్ పెట్టేస్తారు మేడమ్" అంది ఒక టెలికాలర్ అమ్మాయి. కొందరు పెట్టేస్తారు. అయితే "చెప్పలేం" అన్నది జవాబులో చివర ఉంది. అంతకుముందే అతనికి చేయాల్సిన పని ఒకటి దొరికింది. ఒట్టి "చెప్పలేం"కీ దీనికీ తేడా అదే.

వాట్సాప్‌లో ఇంకో బెడద. పొడుగు క్యాప్షన్ ఎవరూ ఫార్వర్డ్ చేయరు. బ్రాంచి వాళ్లు తామే కుదించి, మధ్యలో ఉన్న నిర్ణయం వాక్యాన్ని ఎగరగొట్టి, పైన "100%" తగిలిస్తారు. అలా జరగకముందే మేమే మూడు పంక్తుల పొట్టి రూపం తయారుచేసి ఇచ్చాం: "యూకే మాస్టర్స్ ఉచిత సెమినార్, ఆదివారం ఉదయం 10. ఆఫర్, సీఏఎస్, 28 రోజుల బ్యాంకు లెక్క మీద వివరణ. అడ్మిషన్ యూనివర్సిటీ నిర్ణయం, వీసా యూకే ప్రభుత్వ నిర్ణయం. ఫైలు సిద్ధం చేసుకోవడం ఎలాగో మేం చెబుతాం." ఇంతకన్నా కుదించాలంటే తేదీ, లింకు మాత్రమే పంపమని చెప్పాం.

ఏం జరిగింది

పాత తరహా పోస్టులకు వచ్చినన్ని రిజిస్ట్రేషన్లు రాలేదు. అది ముందే అనుకున్నదే, ఓనర్ గారికి ముందే చెప్పిపెట్టాను. కానీ వచ్చినవాళ్లలో తల్లిదండ్రులు ఎక్కువ. చాలామంది చేతిలో బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నాయి, తెమ్మని మేం అడగకపోయినా. ఒకాయన హాల్లోనే క్యాలెండర్ ముందు నిలబడి తన స్టేట్‌మెంట్‌లో తేదీలు లెక్కపెట్టుకున్నారు. మధ్యలో ఒకచోట బ్యాలెన్స్ తగ్గిందని ఆయనే పట్టుకున్నారు. దరఖాస్తుకి ఇంకా టైముంది కాబట్టి అక్కడే సరిదిద్దుకునే వీలు దొరికింది.

ప్రశ్నల సమయంలో ఒక తండ్రి లేచి, "ఇంకో చోట వీసా పక్కా అంటున్నారు. మీరు అనడం లేదే?" అని సూటిగా అడిగారు. కౌన్సిలర్ గారు తొణకలేదు. "పక్కా అన్నవాళ్లను ఒకటే అడగండి సార్, వీసా రాకపోతే ఏమేం వెనక్కిస్తారో రాసివ్వమనండి. యూనివర్సిటీ డిపాజిట్, వీసా ఫీజు, పోయిన ఏడాది, ఇవన్నీ" అన్నారు. ఆ తండ్రి ఆ రోజు చేరలేదు. చేరతారో లేదో తెలియదు కూడా.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పక్కవాళ్లు 98% అని బోర్డు పెట్టుకున్న వీధిలో, తొందరలో ఉన్న విద్యార్థి అటే వెళ్తాడు. ఆ పోటీలో ఈ క్యాప్షన్ గెలవదు. ఇంకోటి, ఈ క్యాప్షన్ వెనక నిజంగా లెక్క వేసి చూపించగల కౌన్సిలర్ ఉండాలి. హాల్లోకి వచ్చాక మళ్లీ అవే ఆశలు చెబితే, క్యాప్షన్ కన్నా పెద్ద మోసం అవుతుంది. అలాంటి చోట ఈ పని ఒప్పుకోవద్దని కొత్తగా రాసేవాళ్లకు చెబుతుంటాను.

సెమినార్ అయిన మర్నాడు పోస్టును ఆర్కైవ్ చేయించాను. పేజీలో ఉన్న పాత పోస్టులన్నీ తిరగేసి, కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చన్నవీ, రెండేళ్ల వర్క్ పర్మిట్ అన్నవీ తీయించాం. వచ్చే సెమినార్ క్యాప్షన్ పాతదాన్నుంచి కాపీ చేయకుండా, ఆ ఇన్‌టేక్‌కి వర్తించే తేదీలతో ఖాళీ పేజీ నుంచి మొదలుపెట్టాలని ఆఫీసులో రాసిపెట్టుకున్నారు. మొదటి పంక్తికి ఏం తీసుకోవాలో కౌన్సిలర్ గారు అప్పుడే అనుకుంటున్నారు: ఈసారి యూనివర్సిటీ సీఏఎస్ ఇంటర్వ్యూలో విద్యార్థులు తడబడే ప్రశ్న ఒకటి.